మూడు పనుల మొహిద్దీన్

విడవలూరులో మీరా మొహిద్దీన్ అంటే తెలియని వాళ్లు తక్కువ. తెలిసిన వాళ్లలో మాత్రం ఒక్కొక్కరికి ఒక్కో మొహిద్దీన్ తెలుసు. వడ్లు తోలుకొచ్చే రైతులకు అతను రైసు మిల్లు గుమస్తా. సాయంత్రం పేపరు చదవడానికి వచ్చేవాళ్లకు లైబ్రరీ అయ్యవారు. సముద్రం ఒడ్డు జాలరి పాలేల నుంచి వల నూలు కొనడానికి వచ్చేవాళ్లకు మసీదు వీధి దుకాణం హజరాబీ మొగుడు. మనిషి పొడుగ్గా, సన్నగా ఉండేవాడు. ఎప్పుడూ ఒక చోటి నుంచి ఇంకో చోటికి సైకిల్ మీద పోతూనే కనిపించేవాడు.

పొద్దున నుంచి సాయంత్రం దాకా మిల్లు. మిల్లు మూశాక రెండు గంటలు ఊళ్లోని శాఖా గ్రంథాలయం. అది పార్ట్ టైమ్ పని, జీతం కంటే గౌరవం ఎక్కువ. ఇక నూలు దుకాణం ఇంటి ముందు గదిలో ఉండేది. అప్పుడప్పుడే జనం పత్తి నూలు వలలు మానుకొని నైలాన్ వైపు తిరుగుతున్నారు. రెండు మూడు నెలలకొకసారి మొహిద్దీన్ ఆదివారం పూట రైల్లో మద్రాసు పోయి సరుకు తెచ్చేవాడు.

1963లో పాలేల వాళ్లంతా కలిసి చేపల అమ్మకాలకు ఒక సహకార సంఘం పెట్టుకున్నారు. దానికి జీతం మీద పనిచేసే కార్యదర్శి కావాలని ప్రకటన వచ్చింది. స్కూలు ఫైనలు పాసై ఉండాలి, లెక్కలు రాయడం తెలియాలి, చేపలు పట్టేవాళ్లతో పరిచయం ఉంటే మంచిది. ఆ ప్రకటన ఉన్న పేపరును లైబ్రరీ బల్ల మీద పరిచింది మొహిద్దీనే. చదివినప్పటి నుంచి అతనికి మనసు మనసులో లేదు. మిల్లులో పదేళ్లుగా ఉన్నాడు. యజమాని పద్మనాభయ్య చెడ్డవాడు కాదు గాని, అక్కడ ఇంకో పదేళ్లున్నా అదే పీట, అదే కాటా.

అయితే అతనికి ఒక భయం ఉంది. కిందటి ఏడు కొడవలూరు దగ్గర ఒక ఆఫీసులో గుమస్తా ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్నాడు. తను చేసే పనులన్నీ చెబితే గట్టివాడినని అనుకుంటారని మూడింటినీ వరసగా రాశాడు. వాళ్లు పిలవలేదు. ఎందుకు పిలవలేదో కనుక్కుందామని పోతే, అక్కడి పెద్ద గుమస్తా నవ్వి, "నీకు ఇంకో పని చెయ్యడానికి తీరికెక్కడుందయ్యా? నిలకడ లేని మనిషి అనుకున్నారు" అన్నాడు. ఆ మాట మొహిద్దీన్‌కు చాలా రోజులు గుచ్చుకుంది. తిండి మానుకొని మరీ పనిచేసే తను నిలకడ లేనివాడు ఎట్లా అయ్యాడో అతనికి అర్థం కాలేదు.

అందుకని ఈసారి మిల్లు ఒక్కటే రాద్దామని నిశ్చయించుకున్నాడు. సెలవు పెట్టి నెల్లూరు పోయి, కోర్టు దగ్గర వరండాలో టైపు మిషను పెట్టుకొని కూర్చునే సమాధానం అనే ఆయన దగ్గరికి చేరాడు. సమాధానం వయసు మళ్లిన టైపిస్టు. ఊళ్లో సగం దరఖాస్తులు ఆయన వేళ్ల కింద నుంచే పోయేవి.

"మిల్లు గుమస్తా అనుభవం. సరే. చేపల సంఘం వాళ్లు వడ్లు కాటా వేసేవాణ్ణి ఎందుకు తీసుకోవాలి?" అని అడిగాడు సమాధానం, మొహిద్దీన్ రాసుకొచ్చిన చిత్తుకాగితం చూసి.

"నాకు పాలేల్లో అందరూ తెలుసన్నా. నూలు కోసం మా ఇంటికే వస్తారు."

"ఆ మాట ఇందులో యాడుంది?"

మొహిద్దీన్ తటపటాయించి, కిందటి ఏటి సంగతి చెప్పాడు. పాత దరఖాస్తు నకలు సంచిలోనే ఉంటే తీసి చూపించాడు. సమాధానం కళ్లజోడు సర్దుకొని చదివాడు.

"మిల్లు గుమస్తా, 53 నించి ఇప్పటి దాకా. లైబ్రేరియన్, 58 నించి ఇప్పటి దాకా. నూలు వ్యాపారం, 60 నించి ఇప్పటి దాకా. మూడూ ఒకే ఎత్తున నిలబెట్టినావు. ఏది పొద్దంతా చేస్తావో, ఏది గంటా రెండు గంటలు చేస్తావో చదివేవాడికి ఎట్ట తెలస్తది? వాడు నిన్ను మూడు ముక్కలు చేసుకుంటాడు. ఏ ముక్క వాడికిస్తావో తెలియదు. అందుకే పిలవలా."

"అందుకే గదన్నా తీసెయ్యమంటుండేది."

"తీసేస్తే ఇంకో తంటా. ఆ సంఘంలో వాళ్లు నీ దుకాణంలో నూలు కొన్నవాళ్లే గదా. దాన్నెందుకు దాచినాడని అడిగితే ఏం చెప్తావు?"

సమాధానం మిషనులోకి కొత్త కాగితం ఎక్కించాడు. మిల్లు ఉద్యోగాన్ని పైన పెట్టాడు. పూర్తికాలం అని స్పష్టంగా రాసి, సరుకు నిలవ చూడటం, కాటా, రోజువారీ లెక్కలు, కూలీల హాజరు అని పనులు వివరంగా కొట్టాడు. దాని కింద చోటు వదిలి, 'ఇతర అనుభవం' అని వేరే శీర్షిక పెట్టాడు. అక్కడ లైబ్రరీని రెండు వరసల్లో ముగించాడు. పార్ట్ టైమ్, మిల్లు మూశాక సాయంత్రం రెండు గంటలు, పుస్తకాల జమా ఖర్చు, ఏటేటా తనిఖీ. నూలు వ్యాపారాన్నీ అట్లాగే, సొంతం అని, నైలాన్ నూలు రకాలు, ఆదివారాల్లో మద్రాసు కొనుగోళ్లు, తీరంలోని పాలేలతో పరిచయం అని. వీటన్నిటికీ పైన, పేరు కింద ఒక్క వాక్యం. పదేళ్లుగా సరుకూ లెక్కా చూసిన అనుభవం, చేపలు పట్టే కుటుంబాలతో పరిచయం ఉన్నవాడు అని.

"చూడు. మూడు పనులే, కానీ ఇప్పుడు వాటికి ఒక తల ఉంది. నువ్వు అత్తరో సురమానో కూడా అమ్ముతుంటే దాన్ని రాసుండేవాణ్ణి కాదు. ఈ ఉద్యోగానికి పనికొచ్చేదే ఇందులో ఉండాల" అన్నాడు సమాధానం. తర్వాత కొంచెం ఆగి, "సంఘం కూడా నూలు అమ్ముతుందంట గదా?" అని అడిగాడు.

"అమ్ముతారంట."

"అట్టయితే ఒక మాట చివర రాయాల. ఉద్యోగం వస్తే లైబ్రరీ వదులుతాను, నూలు వ్యాపారం మూసేస్తాను అని. సంఘం అమ్మే సరుకునే సంఘం కార్యదర్శి సొంతాన అమ్ముకుంటే రూల్సు ఒప్పుకోవు."

మొహిద్దీన్ సరేనన్నాడు. అంత తేలిగ్గా సరేననడమే తను చేసిన తప్పని అప్పటికి అతనికి తెలియలేదు.

ఇంటికి వచ్చాక ఆ ఇంగ్లీషు కాగితాన్ని తెలుగులో హజరాబీకి చదివి వినిపించాడు. ఆమె గడప దగ్గర కూర్చొని నూలు చుట్టలు కట్టలుగా కడుతోంది. చివరి వాక్యం దాకా వింది. చేతులు ఆగిపోయినాయి.

"ఎవరి దుకాణం మూస్తారు?" అంది.

"ఉద్యోగం వస్తేనే గదా."

"నేనడిగేది అది కాదు. 'సొంతంగా నడుపుతున్నాను' అని రాసినారే, ఎవరు నడుపుతుండేది? పొద్దన ఏడింటికి తలుపు తీసేది ఎవరు? ఏ పాలెం వాళ్లకు ఏ నంబరు నూలు కావాలో మీకు తెలుసా? మద్రాసు పోయి నేను రాసిచ్చిన చీటీ చూపించి మోసుకొస్తారు. అంతే గదా మీరు చేసేది."

ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. దుకాణం పెట్టిన రోజు నుంచీ అది ఆమెదే. కానీ ఎవరైనా అడిగితే 'మా నూలు వ్యాపారం' అని అనడం అతనికి అలవాటైంది. ఎన్నాళ్లో అన్నాక ఆ 'మా' కాస్తా 'నా' అయింది.

"నన్నొక మాట అడగలేదు" అంది హజరాబీ. కట్టలు తీసి లోపల పెట్టేసి వంట గదిలోకి వెళ్లిపోయింది. ఆ రోజు అన్నం పెట్టింది గాని మాట్లాడలేదు. మర్నాడూ అంతే.

దరఖాస్తు గడువు దగ్గరికొచ్చింది. మొహిద్దీన్ మళ్లీ నెల్లూరు పోయి, సిగ్గు పడుతూనే సంగతంతా చెప్పాడు. సమాధానం విసుక్కుంటాడని అనుకున్నాడు. ఆయన కాగితం మీద ఆ వరసను కొట్టేసి, "ఇది ఇంకా నయం. నీ పెళ్లాం నడిపే దుకాణానికి అప్పుడప్పుడు కొనుగోలు చేసి పెడతావు. నీ పని అంత వరకే. నిజం రాస్తే నీ బరువే తగ్గింది చూడు" అన్నాడు. చివరి వాక్యం మారింది. లైబ్రరీ పని వదులుకుంటాను, దుకాణానికి కొనుగోళ్లు చెయ్యడం మానుకుంటాను. దుకాణం మూసే మాట తీసేశారు.

"దుకాణం సంగతి అడిగితే మాత్రం జవాబు నువ్వే చెప్పుకోవాల" అన్నాడు సమాధానం.

దరఖాస్తుకు మిల్లు నుంచి అనుభవ పత్రం జత చెయ్యాలి. అంటే పోతున్న సంగతి పద్మనాభయ్యకు చెప్పక తప్పదు. ఆయన దరఖాస్తు నకలు తీసుకొని, కొడుకు చేత చదివించుకొని విన్నాడు. ముఖం ఎర్రబడింది.

"నా జీతం తింటా ఇన్ని పన్లు పెట్టుకొనుండావా?"

"మిల్లు మూసినాకనే అయ్యా లైబ్రరీ. మద్రాసుకు పోయింది ఆదివారాలు. అందులో రాసే ఉంది."

పద్మనాభయ్య కొడుకు వైపు చూశాడు. కొడుకు ఆ వరస మళ్లీ చదివి తల ఊపాడు. గంటలు రాసి ఉండబట్టి ఆయన ఇక దాని మీద మాట పెంచలేదు. కానీ సంతకమూ పెట్టలేదు. "రేపు చూద్దాం" అన్నాడు. మరుసటి రోజూ అదే మాట. మిల్లులో ఇంకో మనిషిని వెతకమని ఎవరికో చెప్పినాడని కూలీలు చెప్పుకుంటుంటే మొహిద్దీన్ చెవిన పడింది. ఉద్యోగం రాకపోతే ఉన్నదీ పోయేటట్టుంది. కాటా దగ్గర నిలబడితే అంకెలు కళ్ల ముందు అలుక్కుపోయేవి. గడువు చివరి రోజు పొద్దున, బండెక్కబోతూ పద్మనాభయ్య పత్రం అతని చేతికిచ్చాడు. "దొంగ కాదు, సోమరి కాదు అని రాయించినాను. పో. మళ్లీ వస్తే మాత్రం పీట ఉంటదని అనుకోబాక" అన్నాడు. మొహిద్దీన్ సైకిల్ మీద తారు రోడ్డు పట్టుకొని, సంఘం ఆఫీసు మూయక ముందే కవరు చేరవేశాడు.

ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. పంచాయతీ ఆఫీసు గదిలో పెట్టారు. బయట బెంచీ మీద ఇంకొకతను ఉన్నాడు. పేరు ఆనందబాబు, నెల్లూరు నుంచి వచ్చాడు. బీకాం చదివాడు, మడత నలగని చొక్కా. నిమ్మళంగా పలకరించి, "మీరు ఎక్కడ పనిచేస్తున్నారు?" అని అడిగాడు. మొహిద్దీన్ ఒక్క మాటలో ఏం చెప్పాలో తెలియక, "మిల్లులో" అన్నాడు.

లోపల సంఘం అధ్యక్షుడు ముత్యాలయ్య ఉన్నాడు. సముద్రపు ఎండకు కమిలిన మనిషి, పెద్ద వల యజమాని. ఆయన పక్కన సహకార శాఖ నుంచి వచ్చిన సబ్ రిజిస్ట్రారు. దరఖాస్తు ఆయన ముందే ఉంది.

"పొద్దున మిల్లు, సాయంత్రం లైబ్రరీ, మధ్యలో నూలు. ఇంతమందికి పనిచేసే మనిషి మాకెట్లా పనిచేస్తాడు?" అన్నాడు సబ్ రిజిస్ట్రారు.

కిందటి ఏటి మాటే ఇంకో నోటితో వచ్చింది. మొహిద్దీన్ చేతులు మోకాళ్ల మీద బిగించి పెట్టుకున్నాడు.

"నేను పొద్దంతా చేసేది ఒక్క మిల్లేనండీ. పదేళ్లుగా అక్కడే ఉండాను, మారలేదు. లైబ్రరీ సాయంత్రం పూట. ఈ ఉద్యోగం వస్తే దాన్ని అప్పగిస్తాను. సంఘానికి పొద్దన్నే చేపలు దిగుతాయి, సాయంత్రం లెక్క తేలుస్తారు. ఇంకో పని పెట్టుకుంటే కుదరదని నాకు తెలుసు."

"మరి నూలు?"

"దుకాణం నా భార్యదండీ. నేను మద్రాసు నించి సరుకు తెచ్చి పెడతాను. అది మానుకుంటానని రాసినాను."

సబ్ రిజిస్ట్రారు పెదవి విరిచాడు. "ఇలాంటప్పుడు అందరూ భార్య పేరే చెప్తారు."

ముత్యాలయ్య అప్పుడు మొదటిసారి కదిలాడు. "లేదండయ్యా. ఆ దుకాణం ఆమెదే. మూడేళ్లుగా నూలు ఆడనే కొంటుండాను. ఈయన గల్లా దగ్గర కూచోంగా నేను చూడలా. ఈయన తనదని రాసుంటే నేనే అడిగేవాణ్ణి."

మొదటి కాగితమే కవరులో పోయుంటే ఈ గదిలో తన గతి ఏమయ్యేదో మొహిద్దీన్ కళ్ల ముందు కదిలింది.

"సరే, ఆమెదే" అన్నాడు సబ్ రిజిస్ట్రారు. "అయినా ఒకే ఇంట్లో సంఘం కార్యదర్శి, సంఘం సరుకే అమ్మే దుకాణం. రేపు ఎవరైనా మాకు అర్జీ పెడితే నేనేం జవాబు చెప్పాలి? దుకాణం మూసేస్తానని ఇక్కడే రాసివ్వండి. వ్యవహారం తేలిపోతుంది."

కాగితం, కలం ఇటు జరిపాడు. కిటికీ బయట ఆనందబాబు దగ్గు వినిపించింది. ఒక్క వాక్యం రాస్తే చాలు. మిల్లులో పీట లేదని మొహిద్దీన్‌కు తెలుసు. హజరాబీ మాట్లాడక ఎన్ని రోజులైందో కూడా తెలుసు. కలం అందుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నేను రాసియ్యలేనండీ. దుకాణం నాది కాదు. ఆమెను అడక్కుండా ఒకసారి రాసినాను, అది తప్పు. మళ్లీ అదే తప్పు చెయ్యలేను. అడిగి చెప్తాను. ఆమె కుదరదంటే ఈ ఉద్యోగం నాకొద్దు."

సబ్ రిజిస్ట్రారు గడియారం చూసుకున్నాడు. "నేను నాలుగింటి బస్సుకు పోతాను. ఆలోపల చెప్పండి." తలుపు వైపు చూసి ఆనందబాబును పిలిచాడు.

మొహిద్దీన్ సైకిల్ తొక్కుతూ ఇంటికి వచ్చేసరికి దుకాణంలో పాలెం ఆడవాళ్లు ఇద్దరున్నారు. వాళ్లు పోయే దాకా గోడకు ఆనుకొని నిలబడ్డాడు. హజరాబీ తల ఎత్తి, అతని ముఖం చూసి, "ఏమైంది?" అంది. చాలా రోజులకు ఆమె తనంతట తాను వేసిన ప్రశ్న అది. అతను జరిగింది జరిగినట్టు చెప్పాడు. కలం సంగతి కూడా చెప్పాడు.

"రాసియ్యలేదా?"

"లేదు."

"ఏం చెప్పి వచ్చినారు?"

"నీది గనక నిన్ను అడిగి చెప్తానని చెప్పినాను. నీకిష్టం లేకపోతే వద్దు హజరా. ఇంకేదన్నా చూసుకుంటాను."

ఆమె నూలు అరల వైపు చూసింది. ఒక్కో రంగు అట్టపెట్టెను తనే సర్దింది. తర్వాత గల్లాపెట్టెకు తాళం వేసి, కొంగు తల మీదికి లాక్కొని, చెప్పులు వేసుకుంది.

"యాడికి?"

"మీరు చెప్పేదెందుకు, నేనే చెప్తాను. నా దుకాణం గదా."

అతను సైకిల్ నడిపించుకుంటూ, ఆమె పక్కనే వస్తూ, ఇద్దరూ పంచాయతీ ఆఫీసుకు పోయారు. ఊళ్లో వాళ్లు అరుగుల మీద నుంచి వింతగా చూశారు. సబ్ రిజిస్ట్రారు సంచి సర్దుకుంటున్నాడు. హజరాబీ గుమ్మంలో నిలబడి మాట్లాడింది.

"నూలు అమ్మకం ఆపేస్తానండీ. ఉన్న సరుకు ఈయన పనిలో చేరే లోపల అమ్మేస్తాను. సంఘానికి మాత్రం అమ్మను. అమ్మితే మొగుడికి చెప్పి అంటగట్టిందని అంటారు. దుకాణం మాత్రం ముయ్యను. బట్టలు పెట్టుకుంటాను. బట్టలు మీ సంఘం అమ్మదు గదా."

సబ్ రిజిస్ట్రారు ముత్యాలయ్య వైపు చూశాడు. "అమ్మదమ్మా" అన్నాడు ముత్యాలయ్య. "నూలు మీ దగ్గర దొరకదంటే మాకే కష్టం. అయినా ఈ పద్ధతే నయం."

ఆ మాటలు ఒక కాగితం మీద రాయించి, కింద ఆమె చేత సంతకం పెట్టించారు. హజరాబీ తన పేరు తెలుగులో నిదానంగా రాసింది. ఆ రోజు ఎవరికీ ఏమీ చెప్పకుండానే సబ్ రిజిస్ట్రారు బస్సెక్కాడు. నియామక ఉత్తరువు వచ్చే దాకా ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర సరిగ్గా లేదు. ఉత్తరువు వచ్చింది. ఆరు నెలలు ప్రొబేషన్ మీద మీరా మొహిద్దీన్‌ను తీసుకున్నారు. ఆనందబాబుకు నెల్లూరులోనే ఒక బ్యాంకులో ఉద్యోగం వచ్చిందని తర్వాత తెలిసింది.

మొహిద్దీన్ లైబ్రరీ పుస్తకాలన్నీ వరస ప్రకారం లెక్క చూపించి కొత్తవాడికి అప్పగించాడు. రెండు పుస్తకాలు తేలకపోతే సొంతాన కొని పెట్టాడు. హజరాబీ నూలు ఆఖరి కట్ట దాకా అమ్మింది. చివరి రోజు అరలు ఖాళీ అయ్యాక ఆమె చాలాసేపు ఆ గదిలోనే కూర్చుంది. మొహిద్దీన్ లోపలికి పోలేదు. కొత్త బట్టల దుకాణం మొదటి ఏడాది బాగా సాగలేదు. ఆమె అతన్ని ఒక్క మాట అనలేదు, అతను మాత్రం ఆ ఏడాదంతా ఆమె ముఖం చూడటానికి జంకాడు. రెండో ఏడు పాలెం ఆడవాళ్లు చీరల కోసం అలవాటు పడ్డారు. అప్పటి నుంచి ఫరవాలేదు.

సంఘం పని అతను అనుకున్నంత సుఖంగా ఉండలేదు. ఐసు సమయానికి రాకపోవడం, మధ్యవర్తుల పోటీ, సభ్యుల్లో చీలికలు అన్నీ చూశాడు. అయినా 1969 దాకా కార్యదర్శిగానే ఉన్నాడు. అతని మీద సహకార శాఖకు అర్జీలు రెండు మూడు పోయినాయి గాని, దుకాణం మాట ఒక్కదానిలోనూ లేదు.

పొద్దు పోయేటప్పుడు చేపల లెక్క ముగించి ఇంటికి వస్తూ, మొహిద్దీన్ అప్పుడప్పుడు లైబ్రరీ ముందు సైకిల్ దిగేవాడు. కొత్త అయ్యవారు తలుపు ఆలస్యంగా తీసేవాడు. తీసే దాకా మెట్ల మీద తక్కిన వాళ్లతో పాటే కూర్చొని, తలుపు తీశాక లోపలికి పోయి, ఎవరో చదివి వదిలేసిన పేపరు అందుకొనేవాడు.